తురాయి తోలు నుంచి జెల్లీ మిఠాయి దాకా

ఆంబూరు బజారులో మనవడి కోసం ఒక జెల్లీ మిఠాయి పొట్లం కొన్నాను. వెనక్కి తిప్పి చూస్తే మూడు గుర్తులున్నాయి. ఒకటి మాంసాహారమని చెప్పే గోధుమరంగు త్రికోణం. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'జెలటిన్ - యానిమల్ ఆరిజిన్' అన్న మాట. ఆ కింద గుండ్రటి ముద్రలో అరబ్బీ లిపిలో హలాల్. "మిఠాయికి కూడా హలాలా భాయ్?" అంటే అంగడాయన నవ్వి, "తోలుకే హలాల్ హరామ్ ఉన్నప్పుడు మిఠాయికి ఉండదా సార్" అన్నాడు. తోళ్ల షెడ్ల ఊరి మనిషి కాబట్టి ఆ మాట అంత తేలిగ్గా అన్నాడు. నాకు మాత్రం అక్కడి నుంచి వేలూరు కోట గుర్తొచ్చింది.

1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడాక్ హయాంలో సిపాయిలకు కొత్త నిబంధనలు వచ్చాయి. నుదుట బొట్టూ నామాలూ ఉండకూడదు, గడ్డం గీయించుకోవాలి, పాత తలపాగా తీసేసి కొత్త రకం టోపీ పెట్టుకోవాలి. ఆ టోపీకి తోలు తురాయి ఉండేది. అది ఆవు తోలని కొందరు, పంది తోలని కొందరు అనుకున్నారు. 1806 జులై 10న తెల్లవారకముందే కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి ఆ రోజే అణచివేశాడు. తిరుగుబాటుకు తురాయి ఒక్కటే కారణమని నేననను, కోటలో బందీలుగా ఉన్న టిప్పు కొడుకుల కథ కూడా అందులో ఉంది. అయినా ఒక సంగతి గమనించాలి. ఆ తోలును ఎవరూ తినబోలేదు, నెత్తిన పెట్టుకోమన్నారు, అంతే. హరామ్ అన్న మాట మాంసం దగ్గర ఆగదని వేలూరు సిపాయిలకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

అసలు ఆ మాటే పెద్దది. హరామ్‌కు నిషిద్ధమనీ, ముట్టరానిదనీ, పవిత్రమనీ కూడా అర్థాల ఛాయలున్నాయి. మక్కా మసీదును హరమ్ అనడం, రాజుల అంతఃపురానికి హరెమ్ అన్న పేరు, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. వడ్డీ హరామ్, కల్తీ తూకం హరామ్, కాజేసిన సొమ్ము హరామ్. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాణ్ణి నమక్ హరామ్ అనడం మన తెలుగువాళ్లు కూడా విన్నదే.

తోలు విషయంలో ధర్మశాస్త్రం చెప్పేది విచిత్రంగా ఉంటుంది. జబహ్ చేయకుండా తనంతట తాను చచ్చిన గొర్రె మాంసం తినకూడదు. కానీ అలాంటి గొర్రెను పారేయడం చూసి, దాని తోలైనా వాడుకోవచ్చు కదా, నిషేధం తినడానికే కదా అని ప్రవక్త అన్నట్టు హదీసుల్లో ఉంది. దాన్ని పట్టుకుని న్యాయశాస్త్రజ్ఞులు శతాబ్దాలు వాదించుకున్నారు. పదును చేస్తే పంది తోలు తప్ప జంతువుల తోళ్లన్నీ శుద్ధమవుతాయని హనఫీలు అన్నారు. షాఫియీలు పందితో పాటు కుక్కను కూడా మినహాయించారు. హంబలీల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం పదును చేసినా చచ్చిన జంతువు తోలు శుద్ధం కాదు. హనఫీ మదర్సాల్లో చదివే హిదాయాలో ఈ చర్చ తిండి అధ్యాయంలో ఉండదు, శుద్ధి అధ్యాయంలో ఉంటుంది. ఆంబూరు, వాణియంబాడి, పేర్నాంబట్టు షెడ్లలో ఒకప్పుడు తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టిన తోలుకు జరిగేది కూడా ఇదే. కుళ్లిపోవాల్సిన వస్తువు కుళ్లని వస్తువుగా మారిపోతుంది. ఒక వస్తువు స్వభావమే మారిపోతే దాని పాత పేరు, పాత నిషేధం దాన్ని వెంటాడతాయా అన్నది ప్రశ్న. ఈ మార్పును అరబ్బీలో ఇస్తిహాలా అంటారు. ద్రాక్షసారా పులిసి వెనిగర్ అయితే అది హలాలే. కావాలని ఏదైనా కలిపి పులియబెట్టినా పరవాలేదని హనఫీలు, తనంతట తానే మారాలని షాఫియీలు.

ఇప్పుడు నా మిఠాయి దగ్గరికి వద్దాం. షెడ్డులో పచ్చి తోలును మొదట సున్నపు నీళ్లలో వేస్తారు. వెంట్రుక ఊడి, తోలు ఉబ్బుతుంది. అప్పుడు అంచులు, కింది పొర కోసేస్తారు. ఇంకా పదును పట్టని ఆ సున్నపు ముక్కలు జెలటిన్‌కు ముడిసరుకు. క్రోమ్ పట్టిన తోలు తినే జెలటిన్‌కు పనికిరాదు. ముక్కల్ని కడిగి వేడినీళ్లలో ఉంచితే అందులోని కొలాజెన్ కరిగి, చల్లారాక జిగురుగా గడ్డకడుతుంది. జంతువుల ఎముకల నుంచీ, పంది చర్మం నుంచీ కూడా దీన్ని తీస్తారు. అంటే తోలును శుద్ధి చేసేది పదునే అయితే, జెలటిన్ ఆ పదునుకు ముందే దారి మళ్లిన సరుకు. మరి ఉడకబెట్టి కరిగించడం ఇస్తిహాలా అవుతుందా?

కాదని 1986లో అమ్మాన్‌లో కూడిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తేల్చింది. పంది జెలటిన్ తినడం కుదరదు, శాస్త్రప్రకారం కోసిన జంతువుల నుంచి వచ్చింది చాలు అంది. తొమ్మిదేళ్లకు, 1995లో, కువైట్‌లో వైద్యశాస్త్రాల ఇస్లామీ సంస్థ జరిపిన సదస్సు అవుననే అంది. అశుద్ధ జంతువు ఎముక, చర్మం నుంచి తీసినా మారిపోయిన జెలటిన్ శుద్ధమేనంది. మార్కెట్టు మొదటి మాటనే పట్టుకుంది. ముద్ర వేసే సంస్థకు అనుమానం ఉండకపోవడమే కావాలి.

ఈ ముద్ర వయసు చిన్నదే. ఊరి కసాయి తెలిసినవాడైనప్పుడు కాగితంతో పని లేదు. సరుకు ఎక్కడ పుట్టిందో తెలియని రోజుల్లో కాగితం వచ్చింది. మలేషియా ప్రభుత్వం 1974లో హలాల్ ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ అనుమానం ఎంత లోతుకు వెళుతుందో ఇండోనేషియాలో 2001 జనవరిలో తెలిసింది. మన ఫ్రైడ్ రైస్ బండ్ల మీద ఉండే అజినొమోటోనే అందుకు ఉదాహరణ. దాన్ని బెల్లపు మడ్డిని పులియబెట్టే బాక్టీరియాతో తయారుచేస్తారు. ఆ బాక్టీరియాను పెంచి నిల్వ ఉంచే ఆహారంలో సోయా నుంచి తీసిన ఒక పదార్థం వాడారు. సోయాను అరగదీయడానికి వాడిన ఎంజైము పంది నుంచి వచ్చింది. చివరి తెల్లని పలుకుల్లో పంది జాడ లేదు. అయినా ఉలేమాల మండలి హరామ్ అంది. అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్, ఆయన స్వయంగా మతపండితుడు, హలాల్ అన్నాడు. సరుకు మాత్రం మార్కెట్టు నుంచి వెనక్కి పోయింది. సిపాయిల తురాయికీ దీనికీ నాకు తేడా పెద్దగా కనిపించదు. రెండు చోట్లా చూసింది మూలాన్నే. కాకపోతే ఇక్కడ దాన్ని రసాయనశాలలో మూడు మెట్లు కిందికి దిగి వెతికారు.

అలా వెతుక్కుంటూ పోతే ఎక్కడ ఆగాలన్నదే చిక్కు. 2025 జనవరిలో సుప్రీంకోర్టులో సొలిసిటర్ జనరల్ సిమెంటు, ఇనుప కడ్డీలకు కూడా హలాల్ ధ్రువపత్రాలున్నాయని ఆశ్చర్యపోయారు. సిమెంటుకు ముద్ర నాకూ అతిగానే తోస్తుంది. అదే నోటితో ఆయన గోధుమపిండిని కూడా అనడం మాత్రం తొందరపాటు. పిండిలో కలిపే మెరుగుదినుసు కూడా ఎక్కడి నుంచో రావలసిందే. ఆ కేసు 2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న ఆహార సరుకుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించిన ఉత్తర్వు మీద వచ్చింది. ఎగుమతి సరుకుకు ఆ నిషేధం లేదు. అంటే ఓడెక్కే పొట్లానికి ముద్ర ఉండొచ్చు, ఆ రాష్ట్రంలోని కొట్లో ఉండకూడదు.

పొట్లం కొనేవాళ్లకు ఒక మాట. ఆకుపచ్చ చుక్క జంతువు లేదని మాత్రమే చెబుతుంది, వనిల్లా సారంలో ఆల్కహాలు ఉందో లేదో చెప్పదు. గోధుమరంగు త్రికోణం జంతువుందని చెబుతుంది, ఏ జంతువో చెప్పదు. హలాల్ ముద్ర కింద దాన్ని ఇచ్చిన సంస్థ పేరు ఉంటుంది. పేరు లేని ముద్ర కనిపిస్తే అది వట్టి బొమ్మే.