పటం మీది పేర్లు అరబిక్‌లోకి నడిచిన దారి

నైలు నది ఎక్కడో దక్షిణాన ఒక పర్వతశ్రేణిలో పుడుతుందని గ్రీకు పండితుడు టాలెమీ రాశాడు. ఆ శ్రేణికి గ్రీకులో ఉన్న పేరుకు చంద్రుడి కొండ అని అర్థం. తొమ్మిదో శతాబ్దంలో, 833 ప్రాంతంలో, బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ టాలెమీ భూగోళ గ్రంథాన్ని ఆధారం చేసుకుని ‘కితాబ్ సూరత్ అల్ అర్ద్’ రాశాడు. అందులో ఆ కొండ పేరు ‘జబల్ అల్ ఖమర్’. జబల్ అంటే కొండ, ఖమర్ అంటే చంద్రుడు. గ్రీకు మాటను వదిలేసి అర్థాన్ని మాత్రమే తీసుకున్నారన్నమాట. అదే పుస్తకంలోని చాలా ఊళ్ల పేర్లకు మాత్రం గ్రీకు పలుకునే అరబిక్ అక్షరాల్లో పెట్టారు. పేరును అనువదించాలా, పలుకును యథాతథంగా దించాలా అన్న ప్రశ్న అరబిక్ పటాల్లో అంత పాతది.

పలుకును దించుకోవడంలో ఉన్న చిక్కు కూడా అప్పుడే బయటపడింది. అరబిక్‌లో బా, తా, సా, నూన్, యా అనే అక్షరాలు మాట మధ్యలో వచ్చినప్పుడు ఒకే ఆకారంలో ఉంటాయి. వాటిని వేరు చేసేవి పైనా కిందా పెట్టే చుక్కలే. తెలిసిన మాటలో చుక్క పోయినా చదువరి ఊహించుకుంటాడు. ఎన్నడూ వినని గ్రీకు ఊరి పేరులో చుక్క పోతే ఊహకు ఆధారమే ఉండదు. ఖ్వారిజ్మీ గ్రంథానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి 1037లో రాసింది, ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. అందులో 2,400కు పైగా స్థలాల అక్షాంశ రేఖాంశాలున్నాయి. వాటిలో కొన్ని పేర్లు అసలు ఏ ఊరివో తేల్చడానికి పండితులు పేరును పక్కనపెట్టి అంకెలను టాలెమీ అంకెలతో పోల్చాల్సి వచ్చింది. అర్థం తీసుకున్న చంద్రుడి కొండకు ఆ గతి పట్టలేదు. అల్ బిరూనీ ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’లోనూ ఇలాంటి ఊళ్ల పట్టిక ఉంది. ఆ గ్రంథాన్ని 1954-56లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే.

పందొమ్మిదో శతాబ్దంలో కథ కైరోకు మారింది. 1826 నుంచి 1831 దాకా పారిస్‌లో చదువుకుని వచ్చిన రిఫాఅ అల్ తహ్తావీ ఫ్రెంచి భూగోళ గ్రంథాలను అరబిక్‌లోకి తెచ్చాడు. యూరప్ పేర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అరబిక్‌లో ‘ప’ లేదు, ‘వ్’ అనే యూరప్ పలుకు లేదు, ‘గ’ కూడా లేదు. ‘ప’ని బాతోనూ ‘వ్’ని ఫాతోనూ సరిపెట్టుకున్నారు గానీ ‘గ’ దగ్గర ఒప్పందం కుదరలేదు. కైరో వాళ్లు జీమ్ అక్షరాన్ని ‘గ’ అనే పలుకుతారు కాబట్టి వాళ్లకు అది చాలు. బీరూట్, బాగ్దాద్ వాళ్లకు జీమ్ అంటే ‘జ’. వాళ్లు కాఫ్‌నో ఘైన్‌నో ఆశ్రయించారు. అందుకే ఇంగ్లండ్ పేరు ఈజిప్టు పటంలో ‘ఇంజిల్‌తరా’ అన్న అక్షరాలతోనూ, ఇరాక్‌లో ‘ఇంకిల్‌తరా’ అన్న అక్షరాలతోనూ కనిపిస్తుంది. ఊళ్ల పేర్లను ప్రామాణికం చేసే ఐక్యరాజ్యసమితి సమావేశాలు 1967లో జెనీవాలో మొదలయ్యాయి. అరబిక్ పేర్లను రోమన్ లిపిలోకి మార్చే పద్ధతి 1972లో ఖాయమైంది. ఎదురు దిశలో, అంటే రోమన్ నుంచి అరబిక్‌లోకి, అరబ్ దేశాలన్నీ పాటించే ఒకే పద్ధతి ఈనాటికీ స్థిరపడలేదు.

దేశాల పేర్లు చూసినా ఏకసూత్రం దొరకదు. మాంటెనెగ్రో అరబిక్‌లో ‘నల్లకొండ’ అయింది, కోస్టారికా మాత్రం కోస్టారికాగానే ఉంది. ఐవరీ కోస్ట్‌ను ‘సాహిల్ అల్ ఆజ్’ అంటే దంతపు తీరం అని అనువదించుకున్నారు. తమ పేరును ఏ భాషలోకీ అనువదించవద్దని, ఫ్రెంచి రూపాన్నే వాడాలని ఆ దేశ ప్రభుత్వం 1985లో కోరింది. ఐక్యరాజ్యసమితి అరబిక్ పత్రాల్లో ఇప్పుడు ‘కోత్ దీఫ్వార్’ ఉంటుంది. పత్రికల్లో దంతపు తీరం ఇంకా పోలేదు.

ఇప్పుడు ఫోన్‌తో పటాన్ని ఫొటో తీసి అరబిక్‌లోకి మార్చి ఇమ్మనేవాళ్లు వచ్చారు. దక్షిణ స్పెయిన్‌కు వెళ్లే అరబ్ యాత్రికుల కోసం ఒక స్పానిష్ గోడపటాన్ని అలా మార్చాలనుకుందాం. మొదటి చిక్కు చదవడంలోనే వస్తుంది. ‘సియెర్రా నెవాదా’ అన్న పేరును పర్వతం పొడవునా ఒక్కో అక్షరం దూరదూరంగా అచ్చువేస్తారు. ఫొటోలో అవి విడివిడి అక్షరాలుగా, దారి తప్పిన గుర్తుల్లా కనబడతాయి. కుదింపులు ఇంకో తంటా. Pto. అంటే ప్యుయెర్తో. స్పానిష్‌లో ఆ మాటకు ఓడరేవు అనే కాక కొండల మధ్య కనుమ అనే అర్థం కూడా ఉంది. దాని పక్కన తీరరేఖ ఉంటే అరబిక్‌లో ‘మీనా’, ఎత్తు చూపే అంకె, మెలికలు తిరిగిన రోడ్డు ఉంటే ‘మమర్ర్’. కాదిజ్ దగ్గరి ప్యుయెర్తో రెయాల్ దగ్గర మాత్రం రెండూ కుదరవు. అది ఊరి పేరు, పలుకునే దించాలి.

ఇక గ్వాదల్కివీర్ నది. అక్షరానికి అక్షరం పెడితే అరబ్ చదువరికి అదొక పరాయి శబ్దం. నిజానికి అది ‘అల్ వాదీ అల్ కబీర్’, అంటే పెద్ద నది, స్పానిష్ నోట అరిగిన రూపం. సొంత పేరు తిరిగి ఇచ్చేయాలి. ఇక్కడ చేసేది అనువాదమూ కాదు, లిప్యంతరీకరణా కాదు. ఈ మూడో దారే అన్నిటికన్నా ముందు పరిశీలించాల్సినదని నా అభిప్రాయం. అదే తీరున సెవిల్లా ‘ఇష్బీలియా’, గ్రనాదా ‘ఘర్నాతా’. అయితే అక్షరాలు ఒకటే కదా అని కళ్లు మూసుకుని మార్చకూడదు. స్పెయిన్‌లోని గ్వాదలహారా ‘వాదీ అల్ హిజారా’ అవుతుంది. ఆ ఊరి పేరే పెట్టుకున్న మెక్సికో గ్వాదలహారాకు అరబ్బుల చరిత్ర లేదు, అక్కడ స్పానిష్ పలుకునే రాయాలి. ఒకే అక్షరాలున్న రెండు పేర్లకు రెండు తీర్పులు వస్తాయి, తేల్చేది పటంలో ఆ చుక్క ఉన్న చోటు. వలెన్సియాది ఇంకా విచిత్రం. చరిత్ర పుస్తకంలో ఆ నగరం ‘బలన్‌సియా’, ఆటల పేజీలో దాని ఫుట్‌బాల్ జట్టు ‘ఫాలెన్సియా’.

చిహ్నాల పట్టికను అనువదించాలన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కానీ మాటకు మాట పెడితే అది అబద్ధం చెప్పే సందర్భాలున్నాయి. ‘పెద్దక్షరాల్లో ఉన్నవి రాష్ట్ర రాజధానులు’ అని పట్టికలో ఉందనుకోండి. అరబిక్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే భేదమే లేదు. ఆ ఊళ్లను లావు అక్షరాల్లోనో వేరే రంగులోనో వేసి, పట్టికలో వాక్యాన్ని తదనుగుణంగా మార్చాలి. పర్వతం పొడవునా అక్షరాలు విడదీసే పద్ధతీ పనికిరాదు, ఎందుకంటే అరబిక్ అక్షరాలు కలిసి ఉండాలి. అక్షరాల మధ్య గీతను సాగదీయాలి, లేదా పేరును కుదురుగా ఒకచోట పెట్టాలి. పట్టికను కుడివైపుకు జరపవచ్చు. పటాన్ని మాత్రం తిప్పకూడదు. కుడి నుంచి ఎడమకు పేజీ కట్టేటప్పుడు బొమ్మ కూడా అద్దంలోలా తిరగబడితే మలగాకు తూర్పున ఉన్న అల్మెరియా పడమటికి పోతుంది. తూర్పు తీరం ఏ వైపు ఉందో ఒకసారి చూసుకుంటే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఈ పని చేసేవారికి ఒక మనవి. అరబిక్ పేరు ఎంత సరిగా కుదిరినా దాని కింద స్పానిష్ రూపాన్ని చిన్న అక్షరాల్లో ఉంచండి. యాత్రికుడు రోడ్డు మీద చూసే బోర్డుల్లో ‘వాదీ అల్ హిజారా’ అని ఉండదు, గ్వాదలహారా అనే ఉంటుంది.