తిరుమల ఆలయంలో జనప్రవాహ ప్రణాళిక : ద్వారం నుండి టోకెన్ కేంద్రం వరకు

తిరుమల శ్రీవేంకటేశ్వరాలయ నిర్మాణం లోపలికి వెళ్లే కొద్దీ ఇరుకవుతుంది. మహాద్వారం, వెండివాకిలి, బంగారువాకిలి ఒకే వరుసలో ఉంటాయి. గర్భాలయానికి ఉన్న దారి ఒక్కటే కనుక దర్శనానికి వెళ్లిన భక్తుడు మళ్లీ బంగారువాకిలి గుండానే వెలుపలికి రావాలి. ఆగమ నియమాల వల్ల ఈ వాకిలిని విస్తరించే వీలు లేదు. ఆధునిక కాలంలో తిరుమలలో జరిగిన ఏర్పాట్లలో అధిక భాగం ఈ పరిమితి నుండి పుట్టినవే.

రోజుకు డెబ్బై వేల మంది వస్తారనీ, ఇరవై గంటల పాటు దర్శనం సాగుతుందనీ అనుకుంటే గంటకు 3,500 మంది, అంటే దాదాపు సెకనుకు ఒకరు చొప్పున స్వామి ముందు నుండి కదలాలి. ఒక్కొక్కరు రెండు సెకన్లు నిలిచినా ఒంటి వరుసలో గంటకు 1,800 మందికి మించి సాగరు. వాకిలిని వెడల్పు చేయలేనప్పుడు మిగిలిన మార్గం దర్శన స్థానాన్ని వెనుకకు జరపడమే. కులశేఖరపడి దగ్గరి నుండి లఘు దర్శనానికీ, జయవిజయుల దగ్గర నుండే సాగే మహాలఘు దర్శనానికీ మారడంలోని తర్కం ఇదే. దూరం పెరిగిన కొద్దీ పక్కపక్కన ఎక్కువ వరుసలు నడవగలవు.

ఊరేగింపుల సమస్య వేరు. వాహనసేవలో దేవుడే కదులుతాడు, జనం నిలుస్తారు. నాలుగు మాడవీధుల గ్యాలరీలలో భక్తులను కూర్చోబెట్టడానికి చుట్టూ ఖాళీ స్థలం కావలసి వచ్చింది. ఆ విస్తరణలో భాగంగా మహాద్వారం ఎదుట ఉన్న విజయనగర కాలపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. రద్దీ నిర్వహణకు వారసత్వ కట్టడం మూల్యమైన సందర్భమిది.

స్థలం చాలనప్పుడు కాలాన్ని పెంచారు. వైకుంఠ ఏకాదశి, ద్వాదశి రోజులకే పరిమితమైన వైకుంఠ ద్వార దర్శనాన్ని 2020 డిసెంబరు నుండి పది రోజులకు విస్తరించారు. కొండపై ఒత్తిడి ఈ విధంగా తగ్గినా, అది టోకెన్ల జారీ కేంద్రాలకు బదిలీ అయింది. 2025 జనవరి 8న తిరుపతిలో టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. బైరాగిపట్టెడ కేంద్రంలో అస్వస్థతకు గురైన ఒక మహిళను వెలుపలికి తీసుకురావడానికి గేటు తెరవగా, టోకెన్ల జారీ మొదలైందని భావించి జనం ముందుకు తోసుకువచ్చినట్లు నాటి వార్తలు నమోదు చేశాయి.

ఆ వివరణ ప్రకారం చూస్తే అత్యవసర మార్గమూ, జనం ఎదురుచూస్తున్న ప్రవేశమార్గమూ ఒకటే కావడమే ప్రమాదానికి మూలం. వేచి ఉన్న జనానికి తెరిచిన ప్రతి గేటూ ప్రవేశ సంకేతమే. అందువల్ల రోగిని తరలించే ద్వారం వరుసకు పక్కన, వారి కంటికి ముందువైపు కానిచోట ఉండాలి. వరుసను చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి అటువంటి ద్వారం ఏర్పరచాలి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోని కంపార్టుమెంట్లు జనాన్ని విడతలుగా వదలడం ద్వారా ఈ విభజనను ఏనాడో ఆచరణలో పెట్టాయి. ఆలయ ద్వారం దగ్గర పాటించిన ఈ సూత్రాన్ని, రద్దీ ఎక్కడికి జరిగితే అక్కడికి తీసుకుపోవలసి ఉంటుందని ఈ చరిత్ర చూపుతున్నది.