తాత పేరు, మనుమడి పేరు: కాకతీయ శాసనాలలో ఏకనామ సమస్య

తెలుగు కుటుంబాలలో తాత బ్రతికి ఉండగానే మనుమడికి ఆయన పేరు పెట్టడం తరచుగా కనిపించే ఆచారం. ఇంటిలో దీనివల్ల చిక్కు రాదు. కోడలు మామగారి పేరును నోటితో పలకరాదన్న కట్టుబాటు ఉన్న ఇళ్ళలో అదే పేరున్న బిడ్డను ఆమె పేరు పెట్టి పిలవలేదు, కోపం వచ్చినా ఆ పేరుతో తిట్టలేదు. అందువల్ల పిల్లవానికి బుజ్జి, చిట్టి, అబ్బాయి వంటి పిలుపుపేరు స్థిరపడుతుంది. ఊరివారు పెదరామయ్య, చినరామయ్య అని విడదీస్తారు. ఒక్కొక్కప్పుడు ఆ పిలుపుపేరే బడి రిజిస్టరులోకి ఎక్కి, అసలు పేరు ఆస్తి కాగితాలలో మాత్రమే మిగలడమూ ఉంది.

చిక్కు వ్రాతలో మొదలవుతుంది. వెంకయ్య కుమారుడు రామయ్య, అతని కుమారుడు వెంకయ్య, ఆ వెంకయ్య కుమారుడు మళ్ళీ రామయ్య అనుకుందాం. మనిషిని గుర్తించడానికి దస్తావేజు వాడే సాధనాలు ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు. ఇక్కడ ఈ మూడూ తాతామనుమలిద్దరికీ ఒకటే. పేర్లు తరం విడిచి తరం తిరిగి వచ్చే వంశంలో తండ్రిపేరు ఎవరినీ వేరుచేయదు. వయస్సు, భార్యపేరు, ఒకరిది వేలిముద్ర మరొకరిది సంతకం కావడం వంటి వివరాలే ఆధారమవుతాయి. ఒకే రామయ్య ఎనభై ఏళ్ళపాటు భూములు కొంటూ అమ్ముతూ కనిపిస్తే, అక్కడ ఇద్దరున్నారని అనుమానించవలసిందే.

కాకతీయ వంశక్రమం ఈ చిక్కుకు పాత ఉదాహరణ. మొదటి బేతరాజు కుమారుడు ప్రోలరాజు, అతని కుమారుడు మళ్ళీ బేతరాజు, ఆ రెండవ బేతరాజు కుమారుడు మళ్ళీ ప్రోలరాజు. అంటే చరిత్రలో ఇద్దరు ప్రోలరాజులూ బేతరాజు కుమారులే. మొదటి, రెండవ అనే సంఖ్యలు ఆధునిక చరిత్రకారులు చేర్చినవి, శాసనకర్తలు వాడినవి కావు. వారికి బిరుదులే ఆ పని చేసిపెట్టాయి. అరిగజకేసరి అనగానే మొదటి ప్రోలుడు, త్రిభువనమల్ల అనగానే రెండవ బేతరాజు గుర్తుకు వస్తారు. బిరుదును కేవలం డాంబికంగా చూసే పరిశోధకునికి ఈ ఉపయోగం కనిపించదు. అయితే ఈ మనుమలు పుట్టేనాటికి తాతలు జీవించి ఉన్నారని చెప్పడానికి ఆధారం చాలదు.

ఇద్దరూ ఒకే కాలంలో జీవించిన సందర్భం రుద్రమదేవిది. గణపతిదేవునికి పుత్రులు లేకపోవడంతో కుమార్తె రుద్రమ రాజ్యానికి వచ్చింది. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగానే చెబుతుంది, కాని ఇతర శాసనాలు అనేకం పురుషనామంతో రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. అది ఆమె తాతగారి అన్న, 1158 నుండి 1195 వరకు పాలించిన రుద్రదేవుని పేరు. ఆమె పెద్దకుమార్తె ముమ్మడమ్మ కొడుకు, వారసుడు ప్రతాపరుద్రుడు. ఇతని పేరులోని ముఖ్యభాగమూ రుద్రుడే. అమ్మమ్మ సింహాసనం మీద ఉండగా మనుమడూ రుద్రదేవుడే. ఈ పేరు ఆమెను చూసి పెట్టినదా, పూర్వపు రుద్రదేవుని స్మరించి పెట్టినదా అన్నది శాసనాలలో లేదు. బహుశా ఆ ఇంటికి రెండూ ఒకటే.

మనుమనికి కుమారరుద్రదేవుడు, వీరరుద్రుడు, ప్రతాపరుద్రుడు అనే రూపాలు శాసనాలలోనూ సాహిత్యంలోనూ ఉన్నాయి. వీటిలో ‘కుమార’ శబ్దం గమనించదగినది. ఊరిలో ‘చిన’ చేసే పనినే ఇది చేస్తుంది. పైగా దానికి కొడుకు, యువరాజు అనే అర్థాలు రెండూ ఉన్నాయి. దౌహిత్రుణ్ణి వారసునిగా స్వీకరించిన ఇంటికి ఇంతకంటే సరిపోయే విశేషణం లేదు. అయితే లేఖకుడు ఈ విశేషణాన్ని విడిచి ఒట్టి రుద్రదేవ మహారాజు అని వ్రాస్తే, పాఠకునికి తేదీ తప్ప దిక్కులేదు.

ఆ తేదీయే చాలాకాలం తప్పుదారి పట్టించింది. రుద్రమ 1295 ప్రాంతం వరకు పాలించిందని పూర్వపు చరిత్రకారులు భావించారు. ఆ లెక్కన 1290 తరువాతి కొన్నేళ్ళలో కనిపించే రుద్రదేవ నామాన్ని ఆమెకు ఆపాదించడానికి అడ్డేమీ లేదు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వెలుగుచూశాక పరిస్థితి మారింది. 1289 నవంబరు నాటి ఆ శాసనం రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివసాయుజ్యం కలిగిన సందర్భంలో చేసిన దానాన్ని నమోదు చేసింది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. రాజవంశం తరఫున వెలువడిన ప్రకటన కాదది, ఒక కొలువుకాని పుణ్యదానం. కాని దాని తరువాతి తేదీగల రుద్రదేవ శాసనాలను మనుమని పాలనకు చెందినవిగా చదవక తప్పదు. 1289కి ముందున్న కొన్నేళ్ళ విషయంలో మాత్రం ‘కుమార’ లేని చోట ప్రతి శాసనాన్నీ దానకర్త, అధికారి, స్థలం చూసి విడిగా నిర్ణయించవలసిందే.