‘స్వేచ్ఛాశక్తి’లో స్వేచ్ఛ ఎవరిది?

1882లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ‘ఫ్రయ్ ఎనర్గీ’ అన్నాడు. మన పుస్తకాల్లో అది స్వేచ్ఛాశక్తి అయింది. ఇక్కడ ‘ఫ్రయ్’ అంటే ఉచితం కాదు, పనిగా మారడానికి అడ్డులేనిది అని. అంతర్గత శక్తి U నుంచి TS తీసేస్తే మిగిలేది A = U − TS. TSని ఆయన ‘బంధిత శక్తి’ అన్నాడు. A అనే అక్షరం ‘ఆర్బైట్’ నుంచి వచ్చింది. జర్మన్‌లో దానర్థం పని. ఇంత నిజాయితీగల గుర్తు నాకు మరొకటి కనబడలేదు: స్థిర ఉష్ణోగ్రత వద్ద A ఎంత తగ్గితే, గరిష్ఠంగా రాబట్టగల మొత్తం పని అంతే.

మరి గిబ్స్ శక్తి G ఎందుకు? 25 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనంలో, ఒక మోల్ జింకు ఆమ్లంలో కరిగి హైడ్రోజన్ వస్తుందనుకోండి. ప్రమాణ స్థితుల్లో A సుమారు 149.6 కిలోజౌళ్లు తగ్గుతుంది, G 147.1 మాత్రమే. తేడా 2.5, అంటే RT. పుట్టిన వాయువు చుట్టూ ఉన్న గాలిని నెట్టి చోటు చేసుకోవడానికి కట్టిన సుంకమది. ఘటంలో విద్యుత్తుగా దక్కేది మిగతాదే.

ఘనపరిమాణం మారని పాత్రలో గాలిని నెట్టే పని ఉండదు, సుంకమూ ఉండదు. అక్కడ లెక్క చూడాల్సింది Aతోనే.