భార్యకు పదవి, భర్తకు పోటీ: మహిళా సర్పంచ్ ఇంట్లో అసూయ నడిచే తీరు – నాదెండ్ల నేపథ్యంగా ఒక పరిశీలన

సారాంశం

మహిళా సర్పంచ్ స్థానంలో భర్త పెత్తనం చేయడాన్ని ఇంతవరకు అధికారాన్ని చేజిక్కించుకోవడంగానే చర్చించారు. ఆ పెత్తనంలో కొంత భాగం దాంపత్యంలోని అసూయ నుంచి పుడుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది. భార్య గెలుపు భర్త తనదనుకున్న రంగంలో వచ్చినప్పుడు అతడిలో పోలిక మొదలవుతుంది. విడిపోవడం సులువు కాని సమాజంలో ఆ పోలిక ‘సాయం’ రూపంలో బయటపడుతుంది.

కీలక పదాలు: దాంపత్యం, అసూయ, మహిళా రిజర్వేషన్, సర్పంచ్, పల్నాడు

1. సమస్య

నాదెండ్ల పల్నాడు జిల్లాలో మండల కేంద్రం. నరసరావుపేట, చిలకలూరిపేటల మధ్యనున్న ఈ ప్రాంతంలో సర్పంచ్ పదవి అంటే రోడ్లు, నీళ్ల పనులు మాత్రమే కాదు. రచ్చబండ దగ్గర మాటకు విలువ, పోలీస్ స్టేషన్‌కు వెళ్తే కుర్చీ, పెళ్లి పిలుపుల్లో ముందు వరుస కూడా ఆ పదవితోనే వస్తాయి. ఇవన్నీ మగవాళ్లు ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు పోటీపడి సంపాదించుకున్న గౌరవాలు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది తర్వాత సగమైంది. రొటేషన్‌లో ఊరి సీటు మహిళకు రిజర్వ్ అయితే, పదేళ్లుగా పోటీకి సిద్ధమవుతున్న మగమనిషి ఇంట్లో భార్య నామినేషన్ వేస్తుంది. ప్రచారం, ఖర్చు అతడివే. గెలుపు పత్రం మీద పేరు మాత్రం ఆమెది. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లోనూ రాష్ట్రంలో ఇదే రిజర్వేషన్ ఏర్పాటు నడిచింది. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చిన భార్య కథకూ దీనికీ ఒక తేడా ఉంది. ఆ భార్య ఎక్కిన మెట్టు ఆమె ఆఫీసుది. ఈమె ఎక్కిన మెట్టు మీద భర్త అప్పటికే ఒక కాలు పెట్టి ఉన్నాడు.

2. సిద్ధాంతం: అసూయ ఎప్పుడు పుడుతుంది?

మనకు దగ్గరివాళ్లు గెలిస్తే రెండు రకాల స్పందనలు వస్తాయని మనస్తత్వవేత్త అబ్రహం టెసర్ సూత్రీకరించాడు. ఆ గెలుపు మనకు పట్టని రంగంలోదైతే దాని వెలుగు మన మీదా పడుతుంది. మనం మన ప్రతిష్ఠను ముడిపెట్టుకున్న రంగంలోదైతే పోలిక మొదలవుతుంది, బంధం ఎంత దగ్గరైతే ఆ పోలిక అంత గుచ్చుతుంది. 1980లో టెసర్, స్మిత్ చేసిన ప్రయోగంలో ఒకరు పదాన్ని ఊహించడానికి మరొకరు ఆధారాలు ఇవ్వాలి. పరీక్షను మామూలు ఆటగా చెప్పినప్పుడు స్నేహితులకు మంచి ఆధారాలే అందాయి. ముఖ్యమైన సామర్థ్యానికి పరీక్ష అని చెప్పినప్పుడు మాత్రం పరాయివాళ్ల కంటే స్నేహితులకే కష్టమైన ఆధారాలు దక్కాయి. సాయం ఆగలేదు, దాని నాణ్యత తగ్గింది. ఈ వ్యాసానికి ఆధారం ఆ తేడాయే.

అడిగితే మాత్రం ఇది బయటపడదు. రాట్‌లిఫ్, ఒయిషీ 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో భార్య లేదా ప్రియురాలి విజయం గురించి ఆలోచించిన మగవాళ్లు తమ గురించి పైకి చెప్పుకున్న అభిప్రాయం మారలేదు. లోపలి ఆత్మగౌరవాన్ని పరోక్షంగా కొలిస్తే అది తగ్గింది. స్త్రీలలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. కాబట్టి ‘మీకు అసూయ ఉందా’ అని భర్తను అడిగి లాభం లేదు. అతడు చేసే సాయం ఎలాంటిదో చూడాలి.

3. విడాకులా, పెత్తనమా?

స్వీడన్‌లో ఫోల్కే, రిక్నే 2020లో ప్రచురించిన అధ్యయనం మేయర్లుగా, పార్లమెంటు సభ్యులుగా గెలిచిన అభ్యర్థులను, పోటీచేసి ఓడినవారితో పోల్చింది. గెలిచిన స్త్రీలలో విడాకుల అవకాశం దాదాపు రెట్టింపైంది. గెలిచిన పురుషుల దాంపత్యంలో మార్పు లేదు. భర్త వయసులో పెద్దవాడై, పిల్లల కోసం సెలవుల్లో ఎక్కువ భాగం భార్యే తీసుకున్న జంటల్లో ఆ ప్రభావం బలంగా కనిపించింది.

ఆ లెక్కన సంప్రదాయ దాంపత్యమే కట్టుబాటుగా ఉన్న పల్నాటి ఊళ్లలో సర్పంచ్‌ల ఇళ్లు ఎక్కువగా విరిగిపోవాలి. అలా విరగడం లేదు. అయితే ఇళ్లు నిలబడ్డాయి గనుక పోటీ లేదనుకోవడం పొరపాటు. కులం, ఇరువైపుల బంధువులు, పొలం, పిల్లల పెళ్లిళ్లు విడిపోయే దారిని మూసేస్తాయి. ఆ దారి మూసుకున్నప్పుడు పోలిక బాధ నుంచి తప్పించుకోవడానికి మిగిలేది, ఆమె గెలుపును తన గెలుపుగా మార్చుకోవడమే. ‘మా ఆవిడ పేరుకే, పనంతా నాదే’ అనే మాటకు పునాది ఇదే.

4. ఒక నమూనా

ఈ దంపతులు నిజంగా ఎవరూ కారు, వాదన పరీక్షించడానికి కట్టిన ఉదాహరణ. భార్య మొదట డ్వాక్రా సంఘానికి లీడర్. బ్యాంకు లింకేజి అప్పు తెప్పించి, కిస్తీలు తప్పకుండా కట్టించింది. ఆ రోజుల్లో భర్త, ‘మా ఇంటిది లెక్కల్లో గట్టి మనిషి’ అని మిర్చి యార్డు దాకా చెప్పుకునేవాడు. అదే మనిషి, అదే లెక్కల నేర్పు. ఆమె సర్పంచ్ అయ్యాక మాత్రం, ‘బిల్లుల సంగతి నీకేం తెలుస్తుంది, సంతకం పెట్టు చాలు’ అంటాడు. మారింది ఆమె సామర్థ్యం కాదు, అది ఎవరి రంగంలోకి వచ్చిందన్నదే.

ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులకు డిజిటల్ సంతకం కావాలి. ఆ కీ భర్త బీరువాలో ఉంటుంది, పిన్ నంబర్ అతడికే తెలుసు. పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేస్తే ఆమె, ‘ఆయన్నడిగి చెప్తానండీ’ అంటుంది. సమావేశం ఉన్న రోజు తెల్లవారుజామునే లేచి రెండు పూటల వంట ముగిస్తుంది. మామూలు రోజుల్లో అత్తగారు చూసుకునే పని కూడా ఆ రోజు తనే చేస్తుంది, పదవి వచ్చాక ఇల్లు పట్టించుకోవడం లేదనే మాట రాకూడదని. అమెరికాలో బెర్ట్రాండ్, కమెనికా, పాన్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో, భర్త కంటే ఎక్కువ సంపాదించే భార్యలు ఇంటిపని ఎక్కువ చేయడం ఇలాంటిదే. భర్త పోటీని చల్లార్చడానికి ఆమె తన విజయాన్ని తనే చిన్నది చేసుకుంటోంది.

5. అసూయను ఎలా గుర్తుపట్టాలి?

ప్రతి భర్త జోక్యమూ అసూయ కాదు. భార్యకు అనుభవం లేకపోవడం, ఎన్నికల ఖర్చు రాబట్టుకోవాలన్న ఆశ, ముఠా ఒత్తిడి కూడా కారణాలే. వాటి నుంచి అసూయను వేరుచేయడానికి కాలం మంచి కొలమానం. అనుభవం లేకపోవడమే కారణమైతే ఆమె నేర్చుకునేకొద్దీ జోక్యం తగ్గాలి. ఆమె శిక్షణకు వెళ్లొచ్చి నిబంధన చెప్పిన రోజు నుంచే జోక్యం పెరిగితే అక్కడ పోటీ ఉంది. డబ్బే కారణమైతే అతడి పట్టు బిల్లుల దగ్గర ఆగుతుంది. శిలాఫలకం మీద పేరు, జెండా వందనం, ఫ్లెక్సీలో ఫొటో సైజు దాకా వెళ్తే ఆ వివరణ చాలదు. ఆమె తప్పును ఇంట్లో సరిదిద్దుతాడా, నలుగురిలో ఎత్తిచూపుతాడా అన్నది మూడో గుర్తు.

6. పరిమితులు, ముగింపు

పైన చెప్పిన ప్రయోగాలు, అధ్యయనాలన్నీ పాశ్చాత్య సమాజాలవి. వాటి పరిమాణాలు ఇక్కడికి వర్తించవు, తీసుకోదగింది వాటి తర్కమే. ముఠా ఒత్తిడి బలంగా ఉన్న ఊళ్లో భర్త కూడా మరొకరి బొమ్మ కావచ్చు. అక్కడ ఈ వివరణ నిలవదు.

భర్తల పెత్తనంపై సుప్రీంకోర్టు సూచన తర్వాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో సుశీల్ కుమార్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2025లో వచ్చిన నివేదిక కఠిన శిక్షలు సూచించింది. శిక్ష భయంతో భర్త సమావేశపు కుర్చీ ఖాళీ చేయవచ్చు, పిన్ నంబర్ మాత్రం అతడి దగ్గరే ఉంటుంది. టెసర్ తర్కం ప్రకారం పోలిక తగ్గాలంటే భర్త ప్రతిష్ఠ ఆ ఒక్క పదవి మీదే ఆధారపడకూడదు. సహకార సంఘంలోనో, నీటి సంఘంలోనో అతడికంటూ వేరే బాధ్యత ఉన్న ఇళ్లలో జోక్యం తక్కువగా ఉంటుందా అన్నది నాదెండ్ల మండలంలోనే పరీక్షించదగిన ప్రతిపాదన. ఉండకపోతే ఈ వ్యాసం వాదన తప్పు, అసలు కారణాన్ని డబ్బులోనో ముఠాలోనో వెతకాలి.