సిల్క్‌లా ఉందన్నారు

మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారని మన వాళ్ళ నమ్మకం. ఆ ఏడుగురిలో ఒకరు సినిమా వాళ్ళయితే మాత్రం ఆ మనిషిని ఊరు వదిలిపెట్టదు. మా ఏలూరు వైపు ఎనభైల్లో ఏ ఆడపిల్లకీ వినబుద్ధి కాని పోలిక ఒకటుండేది: "సిల్క్‌లా ఉంది." అన్నవాడు మెచ్చుకున్నాడో తిట్టాడో తేల్చుకోవడం కష్టం. చాలాసార్లు రెండూనూ.

చిత్రమేమిటంటే ఆ సిల్క్ మా పక్కూరి పిల్లే. ఏలూరికి దగ్గర్లోని కొవ్వలిలో 1960 డిసెంబర్ 2న పుట్టిన విజయలక్ష్మి. మద్రాసు వెళ్ళి, మొదట్లో తారలకు టచప్ చేసే పనిలో ఉండి, 1980లో 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసింది. స్మిత ముందు ఆ పాత్ర పేరు చేరి అలాగే నిలిచిపోయింది. టచప్ దగ్గర మొదలవడం నాకు ముఖ్యంగా తోస్తుంది. ముఖం అనేది ఎంతవరకు పుట్టుక, ఎంతవరకు తయారీ అనేది ఆమెకు తెరమీదికి రాకముందే తెలిసి ఉండాలి.

ఆ తయారీ ఏమిటో చూడాలంటే రెండు రకాల సినిమాలు పక్కపక్కన పెట్టుకోవాలి. 1981లో భారతీరాజా తీసిన 'సీతాకోకచిలుక'లో ఆమె కథానాయిక వదిన. మామూలు చీర, తగ్గిన మేకప్, బుద్ధిగా నిలబడ్డ కెమెరా. ఇల్లు నడుపుతూ లోలోపల నలిగే ఆడమనిషి. ఆ వెంటనే 1982 నాటి 'మూండ్రాం పిరై' (మనకు 'వసంత కోకిల') పాట చూడండి. అదే ముక్కు, అదే గడ్డం. కానీ కాటుక కంటి కొస దాటి బయటికొచ్చింది, రెప్పలు సగం వాలాయి, జుట్టు విరబోసింది, కింది పెదవి ముందుకొచ్చింది. సిల్క్ అనగానే మనకు గుర్తొచ్చేది ఈ రెండో ముఖమే. మొదటి సినిమాలోంచి ఒక ఫొటో తీసి ఎవరికైనా చూపిస్తే కాసేపు తడుముకుంటారు. అంటే మనం "సిల్క్‌లా ఉంది" అన్నప్పుడు పోలుస్తున్నది కొవ్వలి విజయలక్ష్మితో కాదు, కాటుకతో, రెప్పలతో, విరబోసిన జుట్టుతో.

మా పిన్ని సంగతి ఇక్కడ చెప్పాలి. 1984లో ఏలూరులో ఒక స్టూడియోలో ఫొటో తీయించుకుంది. ఫొటోగ్రాఫరు సినిమా పత్రికలు బాగా చూసే మనిషట. దీపం ఒక పక్కన ఎత్తుగా పెట్టాడు, దాంతో చెంప ఎముక కింద నీడ పడింది. కెమెరా గుండెల ఎత్తున ఉంచి కొంచెం పైకి తిప్పాడు. గడ్డం ఎత్తమన్నాడు, చూపు లెన్సు మీదికి దించమన్నాడు. గడ్డం ఎత్తి చూపు దించితే ఎవరి రెప్పలైనా సగం వాలతాయి, మీరూ అద్దం ముందు చేసి చూడొచ్చు. పైగా పిన్ని చామనఛాయ. ఫొటో ఇంటికి రాగానే మావయ్య "ఇదేంటే, సిల్క్‌లా ఉన్నావు" అన్నాడు. అమ్మమ్మ ఆ ఫొటోని ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచేసింది. పెళ్ళీడు పిల్ల మరి.

మూడు నెలలకి తాడేపల్లిగూడెం సంబంధం వచ్చింది. పంపడానికి ఫొటో కావాలి. అదే స్టూడియో, అదే ఫొటోగ్రాఫరు, అదే పిన్ని. ఈసారి జడ, కనకాంబరాలు, కెమెరా కంటి ఎత్తున, రెండు పక్కల నుంచీ సమానంగా వెలుతురు. నీడలు పోయాయి. మిగిలిన మచ్చలు నెగటివ్ మీద పెన్సిల్ టచప్‌తో పోయాయి. పెళ్ళివారు చూసి "అమ్మాయి జయసుధ పోలిక" అన్నారు. సంబంధం కుదిరింది. కొల్లేటి దగ్గర బంధువుల ఊళ్ళో, మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళు చికిలించుకుని తీయించుకున్న పెళ్ళి గ్రూపు ఫొటోలో మాత్రం పిన్ని ఎవరిలానూ లేదు. "అచ్చం మా అత్తగారే" అని అమ్మమ్మ అంటుంది. ఆ అత్తగారి ఫొటో ఒక్కటీ లేదు కాబట్టి కాదనేవాళ్ళూ లేరు.

ఒకే ముఖం ఇన్ని రకాలుగా ఎలా మారుతుందని అనుమానం వస్తే, 2011లో బ్రిటన్‌లో రాబ్ జెంకిన్స్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. డచ్చి దేశపు ప్రముఖులు ఇద్దరివి, ఒక్కొక్కరివి ఇరవై చొప్పున, నలభై ఫొటోలు కలిపి ఇచ్చి, ఏ మనిషివి ఆ మనిషికి విడదీయమన్నారు. వాళ్ళెవరో తెలియని బ్రిటిష్ వాళ్ళు సగటున ఏడెనిమిది కుప్పలు పెట్టారు. ఇద్దరు మనుషులు ఏడెనిమిది మంది అయ్యారు. వాళ్ళని ఎరిగిన డచ్చి వాళ్ళు మాత్రం సులువుగా రెండే కుప్పలు చేశారు. పెళ్ళివారికి పిన్ని తెలియదు, మావయ్యకి తెలుసు. అయినా మావయ్యకీ స్టూడియో దీపం సిల్క్‌నే చూపించింది. తెలిసిన వాళ్ళకి కూడా మనిషి మారకపోవచ్చు గాని పోలిక మారుతుందన్నమాట.

కెమెరా ఎంత దూరంలో ఉందన్నది దీనికి ఇంకో ముడి. ముక్కు కొస చెవులకంటే ఓ పది సెంటీమీటర్లు ముందుంటుందనుకుందాం. సెల్ఫీలో లెన్సు ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 40లో ఉంటాయి. కాబట్టి చెవులతో పోలిస్తే ముక్కు మూడో వంతు పెద్దగా పడుతుంది. స్టూడియోలో కెమెరా ఆరడుగుల దూరంలో ఉంటే ఆ తేడా ఐదారు శాతమే. తప్పు లెన్సుది కాదు, దూరానిది. నేటి పిల్లలు ఫోన్లో తీసుకుని "నా ముక్కు అమ్మమ్మ ముక్కు" అని గోల పెడితే, ఆ అమ్మమ్మ ముక్కులో ఫోను వాటా ఎంతో ఇలా లెక్క వేయొచ్చు.

బంధువుల పోలికలు వట్టివని కాదు. ముఖాల్లో వంశం కొంత నిజంగానే కనిపిస్తుంది. కానీ 2002లో ఇటలీలో పావ్లా బ్రెసాన్, మరియా దాల్ మార్తెల్లో పెద్దల ఫొటోల పక్కన పిల్లల ఫొటోలు పెట్టి అడిగితే, "వీళ్ళు తల్లీబిడ్డలు" అని ముందే చెప్పిన చోట జనానికి పోలిక ఎక్కువ కనిపించింది. నిజంగా సంబంధం ఉందా లేదా అన్నదానికంటే చెప్పిన మాటే ఎక్కువ పని చేసింది. పురిటింట్లో మొదట ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ పోలికే నిలబడటం మనకి తెలిసిందే.

సిల్క్ స్మిత 1996 సెప్టెంబర్ 23న పోయింది. పోయాక ఆమె పోలికకి గిరాకీ పెరిగింది. 2011 డిసెంబర్ 2న, ఆమె పుట్టినరోజునే, 'ది డర్టీ పిక్చర్' వచ్చింది. విద్యాబాలన్ ముఖానికి స్మిత ముఖానికి నాకైతే పొంతన కనిపించదు. ఆ సినిమాకి ఉత్తమ నటితో పాటు మేకప్‌కీ దుస్తులకీ కూడా జాతీయ అవార్డులు వచ్చాయంటే, పోలికని మోసింది ఎవరో తెలుస్తుంది. 2023లో 'మార్క్ ఆంటోనీ'లో విష్ణుప్రియా గాంధీ స్మితగా కనిపిస్తే గ్రాఫిక్స్ అని చాలామంది అనుకున్నారు.

ఇలాంటి ఫొటో కనబడితే నేను చేసే పని ఒకటుంది. బొటనవేలితో జుట్టు, కనుబొమలు కప్పేసి, మిగిలింది చూస్తాను. తర్వాత చెవి చూస్తాను. చెవికి కాటుక పెట్టరు, చెవిని వాల్చి చూడమని ఏ ఫొటోగ్రాఫరూ అడగడు. పోలికలో సగం ఇక్కడే జారిపోతుంది. స్మితని ఎన్నడూ చూడని పిల్లవాడెవరైనా దొరికితే ఇంకా మంచిది.

అమ్మమ్మ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ఆ 1984 ఫొటో దొరికింది. పిన్నికిప్పుడు అరవై దాటాయి. ఫొటో చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగానే ఉన్నాను కదే, ఎందుకు దాచిందో" అంది. ఫ్రేమ్ కట్టించి తాడేపల్లిగూడెంలో హాల్లో పెట్టుకుంది. మొన్న వచ్చిన కోడలు దాన్ని చూసి సిల్క్ అనలేదు. "అత్తయ్యా, ఇందులో మీరు మా ఆయనలా ఉన్నారు" అంది.