రంగురాళ్ల చరిత్రలో దీపం పాత్ర

అలెగ్జాండ్రైట్, స్పైనెల్, గార్నెట్‌ల గురించి మనకు దొరికే రాతలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఏ గనిలో దొరికింది, ఏ చక్రవర్తి ధరించాడు, క్యారెట్ ఎంత పలుకుతుంది అన్నంతవరకే చెప్పి ఆగిపోతాయి. ఆ రాయిని చూసినవాళ్లు ఏ వెలుతురులో చూశారన్న ప్రశ్న వాటిలో కనిపించదు. ఈ మూడు రాళ్ల విలువను గనులు ఎంత మార్చాయో దీపాలూ అంతే మార్చాయని నేను నమ్ముతున్నాను. ముఖ్యంగా మన మన్యపు అలెగ్జాండ్రైట్ విషయంలో ఆ మాట పట్టించుకోకపోవడం వల్ల తీర్పే పక్కదారి పట్టింది.

గార్నెట్ కథ మనకు దగ్గరిదే. కొత్తగూడెం పక్కనున్న గరీబ్‌పేట గుట్ట గార్నెట్‌లకూ, అక్కడికి ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరంలో పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్‌లకూ ఉన్న సంబంధాన్ని 2017లో ష్మెట్సర్, గిల్గ్ బృందం రసాయన పరీక్షలతో చూపించింది. ఈ రకం గార్నెట్‌లో ఇనుము ఎక్కువ. ముక్క మందంగా ఉంటే నీడలో నల్లగా కనబడుతుంది. అయిదు, ఆరు శతాబ్దాల ఐరోపా కంసాలులు గార్నెట్‌ను పలచని బిళ్లలుగా కోసి, కింద గీతలు చెక్కిన బంగారు రేకు పరచడానికి కారణం ఇదే. లోపలికి వెళ్లిన కాస్త వెలుతురునూ ఆ రేకు తిప్పి పంపుతుంది. మన కుందనపు పనిలో రాయి కింద రేకు పెట్టడం వెనకా ఇదే ఆలోచన ఉంది.

ఎర్ర స్పైనెల్ సంగతి దీనికి ఎదురు. దానికి రంగునిచ్చేది క్రోమియం. పగటి వెలుతురు తగలగానే ఆ క్రోమియం తనంతట తాను ఎర్రగా మెరుస్తుంది కాబట్టి రేకు సాయం అక్కర్లేదు. మొగలు చక్రవర్తులు బదక్షాన్ స్పైనెల్‌లను పెద్దగా కోయకుండా, నున్నగా సానబట్టి, వాటిపై పేర్లు చెక్కించుకోగలిగింది అందుకే. ఐరోపాలో రోమె ద లీల్ 1783లో దీన్ని కెంపు నుంచి వేరుచేసి చూపాక దాని పరువు తగ్గింది గాని, రాయిలో మార్పేమీ రాలేదు.

అసలు చిక్కు అలెగ్జాండ్రైట్‌తో. 1830లలో రష్యాలోని ఊరల్ పర్వతాల పచ్చల గనుల్లో అది బయటపడింది. యువరాజు అలెగ్జాండర్ పుట్టినరోజునే దొరికిందన్న కథను తర్వాతి పరిశోధకులు అనుమానించారు. ఆ కథకంటే నాకు ముఖ్యమనిపించేది, అప్పటి ఇళ్లలో రాత్రిపూట వెలిగేది కొవ్వొత్తి అన్న సంగతి. ఈ రాయిలోని క్రోమియం పసుపు రంగు వెలుతురును మింగేసి, ఇటు ఆకుపచ్చకూ అటు ఎరుపుకూ దాదాపు సమానంగా దారి వదులుతుంది. పగటి వెలుతురులో నీలం, ఆకుపచ్చ పాళ్లు ఎక్కువ కాబట్టి రాయి పచ్చగా కనబడుతుంది. కొవ్వొత్తి మంటలో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి ఎర్రబారుతుంది. పగలు పచ్చ, రాత్రి కెంపు అన్న మాట ఆ కాలపు ఇళ్లకు అక్షరాలా సరిపోయింది. ఎడిసన్ బల్బు వచ్చాక కూడా అది చెల్లింది, ఎందుకంటే కాలే తీగ వెలుతురు కూడా మంట వెలుతురు లాంటిదే. 1905 ఆగస్టులో శివనసముద్రం కరెంటుతో బెంగళూరు వీధి దీపాలు వెలిగినప్పుడూ, అవెన్యూ రోడ్డు కొట్లలో బల్బులు వేలాడినప్పుడూ అలెగ్జాండ్రైట్ రెండు ముఖాలూ కొనేవాడికి కనబడే అవకాశం ఉండేది.

ట్యూబ్‌లైటుతో ఆ లెక్క తప్పింది. పాతరకం ట్యూబ్‌లైటు వెలుతురులో ముదురు ఎరుపు చాలా తక్కువ. 1990ల మధ్యలో విశాఖ మన్యంలో, నర్సీపట్నం చుట్టుపక్కల అలెగ్జాండ్రైట్ బయటపడే నాటికి మన కొట్లన్నీ ట్యూబ్‌లైట్లతోనే వెలిగేవి. గొలుగొండ మండలంలోని కరక కొండల్లో రంగురాళ్ల తవ్వకాలు అనుమతుల్లేకుండానే సాగాయి. మట్టిపెళ్లలు విరిగిపడి తవ్వేవాళ్లు చనిపోయిన వార్తలూ వచ్చాయి. 1987లో బ్రెజిల్‌లోని హెమటీటాలో దొరికిన మేలిరకం రాళ్లు అప్పటికే లోకాన్ని ఆకట్టుకున్నాయి. వాటి పక్కన మనవి నల్లగా, మబ్బుగా ఉన్నాయన్న పేరు పడింది, ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

ఆ పేరులో నిజం లేకపోలేదు. మన రాళ్లలో చాలావాటికి లోపల పగుళ్లూ సూదుల్లాంటి చేరికలూ ఎక్కువ. ఆ సూదులు ఒకే దిక్కుకు వరుసగా ఉన్నచోట పిల్లికన్ను గీత కూడా వస్తుంది. ఇనుము పాలు పెరిగితే రంగు నిజంగానే మందగిస్తుంది. బరువు పోకుండా లోతుగా కోస్తే ఇంకాస్త నలుపు చేరుతుంది. అయితే రంగు మారడమే ప్రాణమైన రాయికి, ఎరుపు లేని దీపం కింద ఖరీదు కట్టడం ఎలా న్యాయమవుతుంది? పగలు కిటికీ దగ్గర పచ్చగా, రాత్రి ట్యూబ్‌లైటు కింద మళ్లీ పచ్చగానే కనబడిన రాయిని మారని రాయి అనేశారు. లోపాలున్న రాళ్లనూ, సరైన దీపం దొరకని రాళ్లనూ ఒకే కుప్పలో పోశారని నా అభిప్రాయం.

ఈనాటి పరిస్థితి మెరుగుపడిందని నేను అనలేను. 2015 నుంచి ప్రభుత్వమే ఎల్‌ఈడీ బల్బులను ఇంటింటికీ పంచింది. కరెంటు ఆదాకు అది మంచిదే, ఈ రాయికి మాత్రం చేటు. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో నీలం కొండలా లేచి, ముదురు ఎరుపు అడుగంటుతుంది. బెంగళూరు నగల కొట్టు అద్దాల్లో వజ్రం మెరిసేందుకు పెట్టిన దీపాలు ఇవే. వీటి కింద మంచి అలెగ్జాండ్రైట్ కూడా బూడిద కలిసిన పచ్చగా ఆగిపోతుంది. ల్యాబ్ సర్టిఫికెట్‌లో మాత్రం పగటి వెలుతురు, తీగ బల్బు అని రెండు రంగులు రాసి ఉంటాయి, ఆ రెండు వెలుతురులూ కొట్లో ఉండవు.

అలెగ్జాండ్రైట్ అంటూ క్యారెట్ బరువున్న ఒక రాయి మీ ముందు పెట్టారనుకోండి. మధ్యాహ్నం కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట చూడండి. నీలి ఛాయ ఉన్న పచ్చ కనబడాలి. తర్వాత పాతరకం తీగ బల్బు గాని హాలోజెన్ గాని వెలిగించి, మిగతా దీపాలన్నీ ఆర్పించండి. వంకాయ రంగు కలిసిన ఎరుపులోకి మారితే ముందుకు సాగవచ్చు. కిటికీ దగ్గర బూడిద నీలంగా, బల్బు కింద ఊదాగా మారిందంటే అనుమానించాలి. అలెగ్జాండ్రైట్ పేరుతో ఎక్కువగా అమ్ముడుపోయే కృత్రిమ కొరండం ఇలాగే ప్రవర్తిస్తుంది. భూతద్దంలో వంపు తిరిగిన గీతలో, గుండ్రని గాలిబుడగలో కనబడితే ఆ అనుమానం బలపడుతుంది. వక్రీభవన మీటరు దాన్ని తేల్చేస్తుంది: అలెగ్జాండ్రైట్‌కు 1.746 నుంచి 1.755, కొరండానికి 1.762 నుంచి 1.770. కానీ అసలు అలెగ్జాండ్రైట్‌నే ల్యాబులో పెంచితే అంకెలు ఒకటే కాబట్టి మీటరు చేతులెత్తేస్తుంది. అప్పుడు పేరున్న ల్యాబు సర్టిఫికెట్‌లో సహజమైనదన్న మాట తప్పనిసరి.

ఎర్ర స్పైనెల్, గార్నెట్ కొనేవాళ్లకు ఇంత చిక్కు లేదు. బలమైన నియోడిమియం అయస్కాంతం చూపితే ఇనుమున్న గార్నెట్ దానివైపు కదులుతుంది, ఎర్ర స్పైనెల్ కదలదు. కెంపులో వేడి చేయడం, గాజు నింపడం మామూలైపోయిన ఈ రోజుల్లో, ఈ రెండూ ఎక్కువగా ఏ మార్పూ చేయకుండానే అంగడికి వస్తాయి. అందుకే, నాణ్యమైన ఎర్ర స్పైనెల్‌ను కెంపుకు చవకైన బదులుగా చూపించే అమ్మకందారుతో నాకు పేచీ ఉంది. గార్నెట్‌ను మాత్రం కొట్టు దీపం కింద చూసి తృప్తిపడకండి. సాయంత్రం మసక వెలుతురులో వేలికి పెట్టుకుని చూడండి. అప్పుడు కూడా ఎరుపు నిలిస్తేనే డబ్బివ్వండి.